41 రోజుల దీక్షలో 20వ రోజు దాటాలంటే

మొన్నటి వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు: "గ్రూప్‌లో రోజూ చాలీసా చదివి 'అయింది' అని పెడుతున్నాం, మూడో వారానికే బోర్ కొడుతోంది, ఏం చేయాలి?"

దీనికి తిరుమల ఆలయంలోనే ఒక పద్ధతి కనిపిస్తుంది. అక్కడ సుప్రభాతం, తోమాల, అర్చన రోజూ ఉంటాయి. వాటితో పాటు మంగళవారం అష్టదళ పాదపద్మారాధన, గురువారం తిరుప్పావడ, శుక్రవారం అభిషేకం. ధనుర్మాసం వస్తే సుప్రభాతం బదులు తిరుప్పావై. అంటే నిత్యపూజ అలాగే ఉంటుంది, దాని పక్కన ఒకటి మారుతుంది.

ఇదే మన గ్రూప్‌కి పెట్టుకుందాం. చందుర్తి నుంచి హైదరాబాద్‌కి ఉద్యోగాలకొచ్చిన పది మంది, కొండగట్టు అంజన్న మాల వేసుకున్నారనుకోండి. 41 రోజులంటే ఆరు వారాలకు ఒక్క రోజు తక్కువ. రోజూ పెట్టే మొదటి మాట మారదు: చదివానా, లేదా. రెండో మాటే వారానికోసారి మారుతుంది.

మొదటి వారం ఉచ్చారణ. చాలీసా అవధి భాషలో ఉంది కదా, తెలుగు లిపిలో చదువుతూ మనం ఒత్తులు మింగేస్తాం. అందుకే ఆ రోజు నాలుక తిరగని ఒక్క పదం పెట్టాలి, తెలిసినవాళ్లు వాయిస్ పంపాలి. రెండో వారం అర్థం: ఒక చౌపాయి, సొంత మాటల్లో ఒక్క వాక్యం. మూడో వారం కథ. సూర్యుణ్ణి పండనుకోవడం, సంజీవని, విభీషణుడు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. నాలుగో వారం, చదువుతుంటే మనసు ఎక్కడ జారింది అన్నది. ఐదో వారం మళ్లీ ఉచ్చారణ, ఆరో వారం అర్థం. మొదట్లో తప్పిన పదం ఇప్పుడు తిరుగుతోందా లేదా తెలిసేది అప్పుడే. అందుకే కొత్త అంశాలు వెతక్కుండా పాతవే తిప్పమంటాను.

వారం కంటే తొందరగా మార్చకండి. నైట్ షిఫ్ట్‌లో రెండు రోజులు మిస్ అయినవాళ్లకి అంశమే దాటిపోతుంది.

మరి పద్ధతి పనిచేయడం లేదని ఎలా తెలుస్తుంది? జవాబులు మళ్లీ ఒట్టి 🙏 దగ్గరికి వచ్చేస్తే ప్రశ్న మరీ పెద్దదైందని అర్థం. "ఈ రోజు ఏం నేర్చుకున్నారు?" అంటే ఎవరు రాస్తారు చెప్పండి! "ఏ పదం దగ్గర ఆగారు?" అంటే రాస్తారు. ఇంకో గుర్తు: కొందరు "రెండోది రాయలేదు కాబట్టి ఈ రోజు పెట్టలేదు" అంటారు. అలా అయితే వెంటనే గ్రూప్‌లో చెప్పేయండి, లెక్క మొదటి మాటకే, రెండోది ఇష్టమైతేనే. లేకపోతే పారాయణ చేసినవాళ్లు కూడా గ్రూప్‌కి దూరమవుతారు.

మంగళవారం, శనివారం మాత్రం రెండో ప్రశ్న వద్దు. ఆ రోజుల్లో వీలైనవాళ్లు గుడికి వెళ్తారు, ఫోటో పెడతారు, అది చాలు.