అక్క ఫోన్‌లో పాట, నా ఫోన్‌లో మౌనం

అక్క ఇయర్‌ఫోన్ తన ఫోన్‌లో బాగానే పాడుతుంది. నా ఫోన్‌కి పెడితే చప్పుడే లేదు. రెండూ టైప్-సి పోర్టులే. నేనే పాడుచేశానని అమ్మ కన్నడంలో తిట్టింది.

ఫోన్‌లో పాట అంకెల రూపంలో, అంటే డిజిటల్‌గా ఉంటుంది. ఇయర్‌ఫోన్‌కి కావలసింది అలలా ఊగే కరెంటు, అనలాగ్. ఆ మార్పు చేసే చిప్పునే డాక్ అంటారు. అక్క ఫోన్ ఆ పని లోపలే చేసి, టైప్-సి గుండా అనలాగ్ పంపుతుంది. నాది అంకెలే పంపుతుంది. పాపం, ఆ ఇయర్‌ఫోన్‌లో ఉన్నవి ఉత్త తీగలే.

తేల్చుకుందామని లాప్‌టాప్ టైప్-సి పోర్టుకి పెట్టాను. సౌండ్ లిస్టులో కొత్త పేరు రాలేదు. స్నేహితురాలి చిప్పున్న ఇయర్‌ఫోన్ పెడితే వెంటనే వచ్చింది. అది నా ఫోన్‌లోనూ పాడింది.

నా పాత గుండ్రటి పిన్ను ఇయర్‌ఫోన్‌కి ఇప్పుడు డాక్ ఉన్న అడాప్టర్ కొన్నాను. చిప్పు లేనివీ చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, అడిగి కొనండి.