మందపాటి స్టేక్ మీడియంగా రావాలంటే ఎప్పుడు దించాలి?

అమెరికాలో ఇంట్లో స్టేక్ వండుకునే మనవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటుంది: పెనం మీద ఉన్నప్పుడు చక్కగా ఉంది, కోసేసరికి లోపలంతా బూడిద రంగుకు తిరిగి గట్టిపడిపోయింది అని. నెపం మాంసం మీదో పెనం మీదో పెడతారు కానీ, చాలాసార్లు పొరపాటు దించిన వేళలోనే ఉంటుంది. ఒకటిన్నర అంగుళాల మందమున్న ముక్క స్టవ్ మీంచి దిగాక కూడా కొన్ని నిమిషాల పాటు లోపల వేడెక్కుతూనే ఉంటుంది. వంటవాళ్లు దీన్ని క్యారీఓవర్ అంటారు. కుక్కర్ కట్టేశాక అన్నం మగ్గడం లాంటిదే ఇదీ. ఆ వేడిని ముందే లెక్కలో వేసుకోకపోతే మీడియం కాస్తా వెల్ డన్ అయిపోతుంది.

ఈ చిట్కాలు ఎముక లేని రిబ్ ఐ బీఫ్ ముక్కను దృష్టిలో పెట్టుకుని రాశాను. మందం ఒకటిన్నర అంగుళాలు, బరువు సుమారు ఒక పౌను. ఇంతే మందమున్న న్యూయార్క్ స్ట్రిప్‌కీ పనికొస్తాయి.

1. ముక్క కనీసం ఒకటింబావు అంగుళాల మందం ఉండేలా చూసుకోండి. అరంగుళం ముక్కకు పైన మంచి రంగు వచ్చేలోపే లోపల పూర్తిగా ఉడికిపోతుంది, మీడియం దగ్గర ఆపే వ్యవధి దొరకదు. ఇద్దరికి రెండు పల్చటి ముక్కలు కొనే బదులు మందపాటిది ఒకటి కొని పంచుకోవడం మేలు. కొనేటప్పుడు లేబుల్ మీద ‘బ్లేడ్ టెండరైజ్డ్’ లేదా ‘మెకానికల్లీ టెండరైజ్డ్’ అని ఉందేమో చూడండి. సన్నటి బ్లేడ్లతో పొడిచి మెత్తబరిచిన మాంసం అది. అమెరికాలో 2016 నుంచి ఆ సంగతి లేబుల్ మీద రాయడం తప్పనిసరి. మామూలుగా పై భాగం మీదే ఉండే బాక్టీరియా ఆ పోట్లతో లోపలికి వెళ్లే వీలుంటుంది కాబట్టి, అలాంటి ముక్కను తక్కువ వేడితో సరిపెట్టకుండా లేబుల్ మీద చెప్పినంతా ఉడికించాలి.

2. ఉప్పు వేస్తే ముక్కాలు గంట ముందే వేయండి, లేదా సరిగ్గా పెనం మీద పెట్టే ముందు వేయండి. పౌను ముక్కకు ముప్పావు టీస్పూను మెత్తటి ఉప్పు సరిపోతుంది. ఉప్పు వేసిన పది, ఇరవై నిమిషాలకు మాంసం లోంచి నీరు ఊరి పైకి తేలుతుంది. ఆ సమయంలో పెనం మీద వేస్తే ముందు ఆ నీరు ఆవిరి కావాలి, ఈలోగా రంగు రాదు. ఇంకాస్త ఆగితే ఆ నీరే ఉప్పును కరిగించుకుని లోపలికి ఇంకుతుంది. వీలైతే రాత్రే ఉప్పు పట్టించి, జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉదయానికి పైన పొడిగా అవుతుంది. ఎలా చేసినా, పెనం మీద వేసే ముందు పేపర్ టవల్‌తో గట్టిగా అద్దాలి. మిరియాల పొడి మాత్రం దించాక చల్లండి, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. మాంసాన్ని అరగంట బయట ఉంచమనే సలహా చాలాచోట్ల కనిపిస్తుంది కానీ, ఇంత మందపు ముక్క మధ్యలో అరగంటకు వచ్చే తేడా చాలా స్వల్పం. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వండుకోవచ్చు.

3. కాస్ట్ ఐరన్ పెనాన్ని నిదానంగా కాగనివ్వండి. ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుంది గానీ, ఒక చోటి నుంచి ఇంకో చోటికి అంత వేగంగా పంచదు. మంట పెద్దది చేసి రెండు నిమిషాల్లో మాంసం వేసేస్తే బర్నర్ పైన ఉన్న చోట మాడుతుంది, అంచుల దగ్గర పాలిపోయినట్టు ఉంటుంది. మధ్యస్థ మంట మీద ఎనిమిది, పది నిమిషాలు కాగనిచ్చి, మధ్యలో ఒకటి రెండుసార్లు పెనాన్ని తిప్పి పెట్టండి. ఆ తర్వాత మంట కాస్త పెంచి, ఒక టేబుల్‌స్పూను రిఫైన్డ్ పల్లీ నూనె గానీ అవకాడో నూనె గానీ వేయండి. నూనె సన్నగా పొగ చూపడం మొదలైనప్పుడు మాంసం వేయాలి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే స్టవ్ పైన ఫ్యాన్ వేసి, కిటికీ ముందే తెరిచి ఉంచండి.

4. నిమిషానికోసారి తిప్పండి. ఒక్కసారే తిప్పాలి, లేకపోతే రసం పోతుంది అన్న మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది. పైన గట్టి పొర కట్టి రసాన్ని లోపలే బంధిస్తుందన్న ఊహ 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ కాలం నాటిది. అది నిజం కాదు. వేగుతున్న స్టేక్ నుంచి వచ్చే చిటపట చప్పుడే రసం బయటికి వస్తోందనడానికి గుర్తు. పైపొర రుచి కోసమే గానీ రసాన్ని ఆపడం కోసం కాదు. తరచూ తిప్పితే ఏ వైపూ అతిగా వేడెక్కదు, ముక్క కాస్త త్వరగా ఉడుకుతుంది, పైపొర కింద బూడిద రంగు పట్టీ సన్నగా వస్తుంది. కొవ్వు ఉన్న అంచును పట్టకారుతో నిలబెట్టి ఒక నిమిషం వేయించడం మరవకండి. అట్లకాడతో నొక్కకండి.

5. వెన్న, వెల్లుల్లి, థైమ్ లాంటివి చివరి రెండు నిమిషాల్లోనే వేయాలి, అదీ మంట తగ్గించాక. ముందే వేస్తే వెన్న మాడిపోతుంది.

6. థర్మామీటర్‌ను పై నుంచి కాకుండా పక్క నుంచి గుచ్చండి. ముక్కను పట్టకారుతో ఎత్తి, పక్క అంచు మధ్య నుంచి మొనను నడిమధ్యకు పంపాలి. పై నుంచి గుచ్చితే మొన మధ్యలో ఉందో, కింది వేడి భాగంలో ఉందో తెలియదు. అరంగుళం తేడాకే పది ఇరవై డిగ్రీల తేడా చూపించవచ్చు. కొవ్వు గడ్డలో దిగినా అంకె నమ్మదగ్గది కాదు. ఒకటి రెండు చోట్ల చూసి, కనిపించిన వాటిలో తక్కువ అంకెనే లెక్కలోకి తీసుకోండి. వేలితో నొక్కి చూసే పద్ధతి రోజూ అదే కోత ముక్కలు వండే రెస్టారెంటు వాళ్లకు సరిపోతుందేమో గానీ, ఇంట్లో ఒక్కో వారం ఒక్కో రకం ముక్క వండేవాళ్లకు నమ్మకమైంది కాదు.

7. మీడియం కావాలంటే 130 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర దించేయండి. అంటే సుమారు 54 సెల్సియస్. మీడియం అంటే తినేటప్పటికి మధ్యలో 140 దరిదాపుల్లో, సెల్సియస్‌లో 60, ఉండాలి. ఆ మిగతా పది డిగ్రీల్లో చాలావరకు మాంసం తనంతట తానే తెచ్చుకుంటుంది. కారణం సులువు. పెనం మీద ఉన్నప్పుడు ముక్క పై భాగాలు మధ్య భాగం కన్నా చాలా ఎక్కువ వేడిగా ఉంటాయి. దించాక ఆ వేడి కొంత గాలిలోకి పోతుంది, కొంత ఇంకా చల్లగా ఉన్న మధ్య భాగంలోకి పాకుతుంది. లోపల, బయట ఎంత తేడా ఉంటే అంత ఎక్కువ పెరుగుదల ఉంటుంది. అందుకే పెద్ద మంట మీద వండిన మందపాటి ముక్కలో ఎక్కువగా, పల్చటి ముక్కలో అతి తక్కువగా పెరుగుతుంది.

మనం తీసుకున్న పౌను రిబ్ ఐ ఫ్రిజ్‌లోంచి వచ్చేసరికి 40 డిగ్రీలు ఉంటుంది. బాగా కాగిన పెనం మీద నిమిషానికోసారి తిప్పుతూ వండితే 130 చేరడానికి సుమారు పదకొండు, పన్నెండు నిమిషాలు పడుతుంది. మొదట్లో మధ్య భాగం కదలనట్టే ఉంటుంది, తర్వాత ఒక్కసారిగా వేగం పుంజుకుంటుంది. అందుకే ఏడో నిమిషం నుంచే థర్మామీటర్ పెట్టి చూడటం మొదలుపెట్టాలి, 115 దాటాక ప్రతి తిప్పులోనూ చూడాలి. దించాక రెండు నిమిషాలకు 134 వరకు, ఐదు నిమిషాలకు 138 దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడి దిగడం మొదలవుతుంది. ఇదే ముక్కను 140 వరకు పెనం మీదే ఉంచితే ప్లేట్లోకి వచ్చేది 148, 150 డిగ్రీల మాంసం. ఆ వేడికి కండలోని కొలాజెన్ బిగుసుకుని రసాన్ని బయటికి పిండేస్తుంది, గులాబీ రంగు పోతుంది.

8. దించాక పెనంలో ఉంచకండి, గట్టిగా చుట్టకండి. స్టవ్ ఆపినా కాస్ట్ ఐరన్ చాలాసేపు వేడిగానే ఉంటుంది, ముక్క అందులోనే ఉంటే అది ఇంకా వండుతున్నట్టే లెక్క. జాలీ మీద పెట్టి ఏడెనిమిది నిమిషాలు వదిలేయండి. చదునైన ప్లేటు మీద పెడితే కింద చేరిన ఆవిరికి కరకరలాడే పైపొర మెత్తబడుతుంది. ఫాయిల్‌తో బిగించి చుడితే పైపొర తడిసిపోవడమే కాకుండా లోపలి వేడి కూడా అనుకున్నదాని కన్నా ఎక్కువ పెరుగుతుంది. వంటగది బాగా చల్లగా ఉంటే ఫాయిల్‌ను వదులుగా పైన కప్పితే చాలు. ఈ విరామంలో లోపలి రసం కాస్త చల్లారి చిక్కబడుతుంది, కోసినప్పుడు పలక మీద మడుగు కట్టదు. పది నిమిషాలు దాటితే మాత్రం పైపొర చల్లబడిపోతుంది. కోసేటప్పుడు కండ పోగులు ఏ వైపు ఉన్నాయో చూసి వాటికి అడ్డంగా కోయండి.

9. ఓవెన్‌లో ముందు వండి, చివర్లో పెనం మీద రంగు తెప్పించే పద్ధతిలో ఈ లెక్క మారుతుంది. 250 డిగ్రీల ఓవెన్‌లో ముక్క మెల్లగా వేడెక్కుతుంది కాబట్టి బయటికీ లోపలికీ తేడా తక్కువ, పెరుగుదలా తక్కువ. మీడియం కోసం 125 దగ్గర ఓవెన్‌లోంచి తీసి, బాగా కాగిన పెనం మీద ఒక్కో వైపు నిమిషం చొప్పున వేయించండి. ఆ తర్వాత ఎక్కువసేపు ఆగాల్సిన పని లేదు. ముక్క రెండంగుళాలు ఉంటే నేను ఈ పద్ధతినే చెబుతాను.

10. పలక మీద కనిపించే ఎర్రటి ద్రవం చూసి మళ్లీ పెనం మీద వేయకండి. అది రక్తం కాదు. కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కలిసిన నీరు. అయితే భద్రత గురించి ఒక మాట. అమెరికా వ్యవసాయ శాఖ బీఫ్ స్టేక్‌కు చెప్పే కనీస వేడి 145 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం. పైన చెప్పిన లెక్క దానికి కొంచెం తక్కువ. గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్దవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తినేటట్టయితే 145 చేరిందని థర్మామీటర్‌తో చూసుకున్నాకే దించి, మూడు నిమిషాలు ఆగి వడ్డించండి. ఖీమాకు ఈ లెక్కలేవీ పనికిరావు, దాన్ని 160 వరకు ఉడికించాల్సిందే.

11. మొదటిసారి వండేటప్పుడు దించిన అంకె, ఆగాక చేరిన అత్యధిక అంకె రెండూ రాసిపెట్టుకోండి. మీ స్టవ్ మంట, మీ పెనం బరువు, మీరు కొనే ముక్క మందం వేరు కాబట్టి పెరుగుదల ఐదు డిగ్రీలే రావచ్చు, పది రావచ్చు. ఐదే వస్తే ఈసారి 135 దగ్గర దించండి, పది వస్తే 130 దగ్గరే దించండి.