సోడియం అంకెను ఉప్పుగా మార్చుకోవడం ఎలా?

రక్తపోటు ఉన్నవారు ఉన్న ఇంట్లో ఈ రోజుల్లో ప్యాకెట్ వెనకవైపు చూసి కొనే అలవాటు పెరిగింది. అది మంచిదే. కానీ అక్కడ ఉప్పు ఎంత ఉందో రాసి ఉండదు. మన దేశంలో పోషక విలువల పట్టికలో కనిపించేది సోడియం, అదీ మిల్లీగ్రాముల్లో. డాక్టరు గారు చెప్పేది ఉప్పు, మనం చెంచాతో కొలిచేదీ ఉప్పే. ఈ రెంటినీ ఒకటే అనుకుంటే లెక్క రెండున్నర రెట్లు తప్పుతుంది.

ముందు కారణం చూద్దాం. మనం తినే ఉప్పు సోడియం క్లోరైడ్. ఇందులో సోడియం 23 పాళ్లు, క్లోరిన్ 35.5 పాళ్లు, మొత్తం 58.5. 58.5ను 23తో భాగిస్తే 2.54 వస్తుంది. ఇంటి లెక్కకు 2.5 చాలు. అంటే 1 గ్రాము సోడియం కావాలంటే సుమారు 2.5 గ్రాముల ఉప్పు ఉండాలి. తిప్పి చెబితే, 1 గ్రాము ఉప్పులో సోడియం సుమారు 400 మిల్లీగ్రాములు.

ఇందులోనే సూత్రం ఉంది:

ఉప్పు (గ్రాములు) = సోడియం (మిల్లీగ్రాములు) × 2.5 ÷ 1000

నోటి లెక్కకైతే సోడియం అంకెను నేరుగా 400తో భాగించండి. రెండు సున్నాలు తగ్గించి నాలుగుతో భాగించినా అదే జవాబు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. 70 గ్రాముల నూడుల్స్ ప్యాకెట్ మీద 100 గ్రాములకు సోడియం 1200 మిల్లీగ్రాములు అని ఉందనుకుందాం. పిల్లవాడు తినేది 100 గ్రాములు కాదు, 70 గ్రాములు. కాబట్టి మొదటి మెట్టు: 1200 × 70 ÷ 100 = 840 మిల్లీగ్రాములు. రెండో మెట్టు: 840 ÷ 400 = 2.1. అంటే ఆ ఒక్క ప్యాకెట్‌లో సుమారు 2.1 గ్రాముల ఉప్పుకు సమానమైన సోడియం ఉంది.

ఇది ఎక్కువా, తక్కువా? పెద్దవారు రోజుకు తినే ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సోడియం 2000 మిల్లీగ్రాముల లోపు. ఐదు గ్రాములంటే ఒక టీ చెంచాడు. ఇందులో కూర, పప్పు, పచ్చడి, అన్నీ కలిసి రావాలి. ఆ ఒక్క ప్యాకెట్‌తోనే 42 శాతం అయిపోయింది. పిల్లలకు ఈ పరిమితి ఇంకా తక్కువ. మార్చకుండా 840 మిల్లీగ్రాములను అలాగే చూసినవారు మాత్రం "ఒక గ్రాము కూడా లేదు, పరవాలేదు" అనుకుంటారు. తేడా వచ్చేది ఇక్కడే.

లెక్క సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. మన దేశపు ప్యాకెట్లలో ఒక వడ్డన వల్ల రోజువారీ పరిమితిలో ఎంత శాతం అవుతుందో కూడా ఇస్తారు. మీరు కట్టిన శాతం దానికి దగ్గరగా రాకపోతే, వడ్డన బరువు మరోసారి చూడండి. కొన్నిసార్లు ఒకే ప్యాకెట్‌ను రెండు వడ్డనలుగా లెక్కిస్తారు.

విదేశాల నుంచి బంధువులు తెచ్చే ప్యాకెట్లతో ఇంకో చిక్కు ఉంది. బ్రిటన్, ఐరోపా దేశాల పట్టికల్లో సోడియం బదులు "సాల్ట్" అని గ్రాముల్లో ఉంటుంది. అది సోడియాన్ని 2.5తో హెచ్చవేసి ఇచ్చిన అంకే. దాన్ని మళ్లీ హెచ్చవేయకూడదు.

సోడియం అంతా ఉప్పు నుంచే రాదు. బిస్కెట్లు, కేకుల్లో వాడే వంట సోడాలో, నిల్వ ఉంచడానికి కలిపే కొన్ని పదార్థాల్లో కూడా సోడియం ఉంటుంది. అందుకే ఉప్పగా తగలని బిస్కెట్‌లోనూ ఈ అంకె పెద్దగా కనిపించవచ్చు. మనకు వచ్చే జవాబు ప్యాకెట్‌లో వేసిన ఉప్పు బరువు కాదు, దానిలోని మొత్తం సోడియానికి సమానమైన ఉప్పు. రక్తపోటు విషయంలో చూసుకోవలసింది ఆ మొత్తమే.

చివరగా, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారి ఇంట్లో తప్పకుండా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. డాక్టరు గారు "రోజుకు రెండు గ్రాములు" అంటే, అది సోడియమా, ఉప్పా? రెండు గ్రాముల సోడియం అంటే 5 గ్రాముల ఉప్పు. రెండు గ్రాముల ఉప్పు అంటే 800 మిల్లీగ్రాముల సోడియమే. ఒకటి చెంచాడు, మరొకటి అరచెంచా కంటే తక్కువ. కాబట్టి చీటీ మీద అంకె పక్కన ఆ మాట కూడా రాయించుకుని రండి. వంట చేసేవారికి ఉప్పు గ్రాముల్లో, సరుకులు కొనేవారికి సోడియం మిల్లీగ్రాముల్లో చెప్పండి.