వెయ్యి బీడీల మీద పన్ను: ఎవరికీ దక్కని ఆ చిన్న త్రిభుజం

మీ సహకారంతో సాయంత్రం పూట ఇంటర్, డిగ్రీ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులం మేము. ప్రతి ఏడూ ఒక పాఠం దగ్గర పిల్లలు ఆగిపోతారు. పోటీ మార్కెట్‌లో ఒక్కో వస్తువుకు ఇంత అని పన్ను వేస్తే వచ్చే 'డెడ్‌వెయిట్ లాస్' పటం అది. పటం గీస్తారు, కానీ అర్థం చెప్పమంటే తడబడతారు. ఒకసారి ఒక అమ్మాయి సూటిగా అడిగింది: "సార్, పన్ను డబ్బు సర్కారుకు పోతుంది కదా. సర్కారు దాన్ని మళ్లీ జనానికే ఖర్చు పెడుతుంది. మరి నష్టం ఎక్కడున్నట్టు?" ఆ అమ్మాయి తల్లి బీడీలు చుడుతుంది. అందుకే జవాబు బీడీలతోనే చెప్పాం. దాన్నే ఇక్కడ రాస్తున్నాం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ 2016 అక్టోబరు దాకా పాత కరీంనగర్ జిల్లాలోనివే. సిరిసిల్లలో మగవాళ్లు మరమగ్గాల మీద ఉంటే ఇంట్లో ఆడవాళ్లు బీడీలు చుట్టడం మనకు తెలిసిందే. కోరుట్ల, జగిత్యాల వాడల్లోనూ గడప ముందు చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని కూర్చునే అక్కచెల్లెళ్లు ఎందరో. ఇక్కడ లెక్కంతా వెయ్యి బీడీల మీదే నడుస్తుంది. కూలి వెయ్యికి ఇంత, పన్ను కూడా ఒకప్పుడు వెయ్యికి ఇంత. బీడీ కార్మికుల సంక్షేమం కోసం 1976లో వచ్చిన చట్టం కింద వసూలు చేసిన సెస్సు చివరి ఏళ్లలో వెయ్యి బీడీలకు 5 రూపాయలు. ఆ నిధి నుంచి కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు, దవాఖానాలు నడిచాయి. 2017 జూలైలో జిఎస్టి వచ్చినప్పుడు ఆ సెస్సు పోయింది. పుస్తకంలోని పాఠానికి సరిగ్గా సరిపోయే పన్ను అది. ధర ఎంతయినా సరే, వెయ్యికి 5 రూపాయలే.

ఇప్పుడు పటం గీద్దాం. కింది అంకెలు లెక్క సులువుగా అర్థం కావడానికి మేము ఊహించుకున్నవి. బజారు అంకెలు కావు. పరిమాణాన్ని అడ్డంగా, ధరను నిలువుగా పెట్టండి. ఒక్కో యూనిట్ అంటే వెయ్యి బీడీలు. వారంలో ధర 200 అయితే కొనేవారు 600 యూనిట్లు అడుగుతారు, 300 అయితే 400 అడుగుతారు. ఈ రెండు బిందువులను కలిపితే డిమాండు రేఖ. ధర 200 అయితే అమ్మేవారు 350 యూనిట్లు తెస్తారు, 300 అయితే 650 తెస్తారు. ఇది సరఫరా రేఖ. రెండూ 250 రూపాయల దగ్గర, 500 యూనిట్ల దగ్గర కలుస్తాయి. ఆ బిందువుకు 'క' అని పేరు పెట్టండి.

యూనిట్‌కు 50 రూపాయల పన్ను వేశారనుకుందాం. సరఫరా రేఖ మీద ప్రతి బిందువునూ నిలువుగా సరిగ్గా 50 రూపాయలు పైకి జరపండి. పాత రేఖకు సమాంతరంగా కొత్త రేఖ వస్తుంది. అది డిమాండు రేఖను 440 యూనిట్ల దగ్గర, 280 రూపాయల ధర వద్ద కోస్తుంది. ఆ బిందువు 'చ'. అక్కడి నుంచి నిటారుగా కిందికి దిగితే పాత సరఫరా రేఖ 230 దగ్గర తగులుతుంది. అది 'ట'. అంటే కొనేవారు 280 ఇస్తున్నారు, అమ్మేవారి చేతికి 230 వస్తోంది, మధ్యలోని 50 సర్కారుది. పన్ను ఎవరి చేత కట్టించినా భారం ఇద్దరి మీదా పడిందని గమనించండి. కొనేవారి మీద 30, అమ్మేవారి మీద 20.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు. సర్కారుకు వచ్చింది 440 యూనిట్ల మీద 50 చొప్పున 22,000 రూపాయలు. పటంలో అది దీర్ఘచతురస్రం. ఇది నష్టం కాదు, చేతులు మారిన డబ్బు. స్కాలర్‌షిప్పుగా తిరిగి రావచ్చు. మరి కొనేవారు, అమ్మేవారు కలిసి ఎంత పోగొట్టుకున్నారు? కొనసాగిన 440 యూనిట్ల మీద కొనేవారు 30 చొప్పున 13,200 ఎక్కువ ఇచ్చారు. అమ్మేవారు 20 చొప్పున 8,800 తక్కువ పుచ్చుకున్నారు. రెండూ కలిపితే సరిగ్గా ఆ 22,000. కానీ ఇంతటితో లెక్క అయిపోలేదు. ముందు 500 యూనిట్లు అమ్ముడయ్యేవి, ఇప్పుడు 440. మిగతా 60 యూనిట్లు ఏమయ్యాయి? అవి చుట్టనే లేదు, అమ్మనే లేదు. అమ్మని వస్తువు మీద పన్ను రాదు కాబట్టి వాటి మీద సర్కారుకు పైసా లేదు. అయినా వాటి వల్ల ఇద్దరికీ కొంత లాభం ఉండేది. ఆ లాభం ఎవరి చేతికీ పోకుండా మాయమైంది. చ, ట, క బిందువుల మధ్య త్రిభుజం అదే. దాని వైశాల్యం 50, 60ల లబ్ధంలో సగం, అంటే 1,500 రూపాయలు. అందులో 900 కొనేవారి వైపు, 600 అమ్మేవారి వైపు పోయినవి. జనం పోగొట్టుకున్నది మొత్తం 23,500, సర్కారుకు చేరింది 22,000, తేడా 1,500. త్రిభుజంలోనూ అదే అంకె వచ్చిందంటే పటం సరిగ్గా గీసినట్టే.

పిల్లలు చేసే పొరపాట్లు రెండు. మొదటిది, పన్ను ఆదాయాన్ని పాత పరిమాణం మీద లెక్కగట్టడం. 500ను 50తో గుణిస్తే 25,000 వస్తుంది. పన్ను కట్టేది మిగిలిన 440 యూనిట్ల మీదే కదా. రెండోది కాస్త దొంగ తప్పు. కొందరు చ, క బిందువులకు కుడివైపున కొత్త సరఫరా రేఖ కిందున్న త్రిభుజానికి రంగు వేస్తారు. 500 దగ్గర కొత్త రేఖకూ పాత రేఖకూ ఎడం 50 కాబట్టి దాని వైశాల్యం కూడా 1,500 వస్తుంది. అంకె సరిపోయింది కదా అని ఊరుకుంటారు, పటం మాత్రం తప్పు. పన్ను వల్ల పైకి జరిగిన రేఖలో సర్కారు వాటా కలిసి ఉంటుంది, వస్తువు చేయడానికి నిజంగా అయ్యే ఖర్చు కాదు. పోయిన లాభం డిమాండు రేఖకూ పాత సరఫరా రేఖకూ మధ్యే ఉంటుంది. త్రిభుజం కొన 'క' దగ్గర, కుడివైపుకు చూస్తుండాలి. ఎడమవైపు నిలువు గీత 440 మీద నిలబడాలి. అట్లా లేకపోతే తప్పు గీశారని గుర్తు.

ఇప్పుడు 50కి బదులు 5 రూపాయలే వేసి చూడండి. కొనేవారి ధర 253, అమ్మేవారికి 248, అమ్మకం 494 యూనిట్లు. సర్కారుకు 2,470 రూపాయలు. త్రిభుజం 5, 6ల లబ్ధంలో సగం, అంటే 15 రూపాయలే. పన్ను పది రెట్లు పెరిగి 50 అయితే ఆదాయం తొమ్మిది రెట్లయినా కాలేదు, కానీ నష్టం 15 నుంచి 1,500కు, నూరు రెట్లకు చేరింది. కారణం పటంలోనే ఉంది. పన్ను పెరిగితే త్రిభుజం ఎత్తూ పెరుగుతుంది, వెడల్పూ పెరుగుతుంది. సంక్షేమానికి చిన్న సెస్సు వేయడం వేరు, పెద్ద పన్ను వేయడం వేరు అనేది ఇందుకే.

అయితే ఈ 1,500ను తుది తీర్పు అనుకోకూడదు. ఈ లెక్క రెండు షరతుల మీద నిలబడింది. మొదటిది, సరఫరా రేఖలో ఉన్న కూలి ఆమె సమయానికి అసలైన విలువ అని. ఒప్పందం ప్రకారం వెయ్యికి 150 కూలి అనుకుందాం. ఆ పని పోతే ఆమెకు దొరికే ఇంకో పనికి 100 మాత్రమే విలువ అనుకుందాం. అప్పుడు ఆగిపోయిన 60 యూనిట్ల మీద 50 చొప్పున ఇంకో 3,000 నష్టం ఉంది, అది త్రిభుజంలో కనబడదు. రోజుకు వెయ్యి చుట్టే చేతికి అవి 60 పనిదినాలు.

రెండో షరతు, బీడీ వల్ల కొనేవారికీ అమ్మేవారికీ తప్ప ఇంకెవరికీ హాని లేదని. అది నిజం కాదు. పొగ పక్కవాళ్లకూ పోతుంది, తంబాకు ధూళి ఇంట్లో పిల్లల ఊపిరిలోకీ పోతుంది. వెయ్యి బీడీలకు అట్లాంటి హాని 25 రూపాయలనుకుంటే, ఆగిన 60 యూనిట్ల వల్ల తప్పిన హాని సరిగ్గా 1,500. త్రిభుజం అక్కడికక్కడే సమమైపోతుంది. హాని 25 దాటితే పన్ను వల్ల సమాజానికి లాభమే. ఒకే పన్ను ఒక పక్క ఆమె పనిదినాన్ని తీసేస్తుంది, ఇంకో పక్క ఇంట్లో పొగను తగ్గిస్తుంది. పటం ఈ రెంటినీ కొలవడానికి చోటిస్తుంది, ఏది ఎక్కువో మాత్రం తనంతట తాను చెప్పదు.

ఇంకొక మాట. 2017 జూలై నుంచి బీడీల మీద పడింది 28 శాతం జిఎస్టి. దాన్ని 18కి తగ్గించాలని జిఎస్టి కౌన్సిల్ 2025 సెప్టెంబరులో నిర్ణయించింది. అది ధర మీద శాతం కాబట్టి కొత్త రేఖ సమాంతరంగా పోదు, ధర పెరిగినకొద్దీ ఎడం పెరుగుతుంది. కానీ త్రిభుజం చదివే పద్ధతి మారదు.

అన్నీ విన్నాక ఆ అమ్మాయి బోర్డు మీద దీర్ఘచతురస్రాన్ని చూపించి "ఇది మా తమ్ముడి స్కాలర్‌షిప్" అంది. త్రిభుజాన్ని చూపించి "ఇది అమ్మకు దొరకని పని, ఎవరికీ రాని పైసలు" అంది. చతురస్రంలో డబ్బు ఉంది కనుక ఎవరికైనా పంచవచ్చు. త్రిభుజంలో పంచడానికి ఏమీ లేదు. ఆ తేడా తెలిస్తే పాఠం వచ్చినట్టే.