జతలు చూస్తేనే జవాబు దొరకకూడదు

టెస్ట్ సిరీస్‌కు బిట్లు తయారుచేసేవాళ్లు ఎక్కువ సమయం వాక్యాల మీదే పెడతారు. ఏది నిజంగా ఉంచాలి, దేన్ని తప్పుగా మార్చాలి అని చాలాసేపు ఆలోచిస్తారు. ఆప్షన్లను మాత్రం చివర్లో తోచినట్టు నింపేస్తారు. ప్రశ్న ఎక్కువగా చెడిపోయేది అక్కడే. సివిల్స్, గ్రూప్-1 ప్రిలిమ్స్ తరహాలో సరైన వాక్యాల జతను గుర్తించమన్నప్పుడు, తయారై వచ్చిన విద్యార్థి ముందు చూసేది ఆప్షన్లనే. ఒక వాక్యం తేలగానే ఎన్ని ఆప్షన్లు ఎగిరిపోతాయో లెక్క వేసుకుంటాడు. ఆ లెక్క మనం ముందే వేసి ఉండాలి.

ద్రవ్య బిల్లు మీద ఒక ప్రశ్న తీసుకుందాం. మొదట మూడు వాక్యాలతో రాశామనుకోండి.

1. ద్రవ్య బిల్లును లోక్‌సభలోనే ప్రవేశపెట్టాలి.
2. రాజ్యసభ ఆ బిల్లును తనకు అందిన 14 రోజుల్లోగా తిప్పి పంపాలి.
3. రాష్ట్రపతి ఆ బిల్లును పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు.

ఆప్షన్లు అలవాటైనవే: 1, 2 మాత్రమే, 2, 3 మాత్రమే, 1, 3 మాత్రమే, 1, 2, 3. రాజ్యాంగం 111వ అధికరణ ప్రకారం ద్రవ్య బిల్లును రాష్ట్రపతి తిప్పి పంపడానికి వీల్లేదు కాబట్టి మూడోది తప్పు, కీ మొదటి ఆప్షన్. ఇప్పుడు మూడోది తప్పని మాత్రమే తెలిసిన విద్యార్థి ఏం చేస్తాడో చూడండి. 3 ఉన్న మూడు ఆప్షన్లూ కొట్టేస్తాడు. మిగిలింది ఒక్కటే. 14 రోజుల సంగతి అతనికి తెలుసో లేదో మనకు తెలియకుండానే పూర్తి మార్కులు ఇచ్చేశాం. ఈ నాలుగు ఆప్షన్లతో, జత జవాబుగా ఉండే మూడు వాక్యాల ప్రశ్న ఏదైనా ఇలాగే తేలిపోతుంది. వాక్యాలు ఎంత కఠినంగా ఉన్నా ఫలితం మారదు.

అందుకే నాలుగో వాక్యం కావాలి. ద్రవ్య బిల్లుపై ఉభయ సభల మధ్య విభేదం వస్తే సంయుక్త సమావేశం జరపవచ్చు అని రాద్దాం. 108వ అధికరణ ద్రవ్య బిల్లుకు వర్తించదు కాబట్టి ఇదీ తప్పే. నాలుగు వాక్యాల నుంచి ఆరు జతలు వస్తాయి, వాటిలో నాలుగింటిని ఎంచుకోవాలి. తోచినట్టు 1-2, 1-3, 1-4, 2-3 అని పెడితే ఒకటో వాక్యం మూడుసార్లు, నాలుగోది ఒక్కసారే కనిపిస్తాయి. ఏమీ తెలియనివాళ్లు కూడా ఒకటోది నిజమై ఉంటుందని పందెం కాస్తారు. ఈ అమరికలో కీ 2-3 అయితే ఒకటోది తప్పని తెలిస్తే చాలు. కీ 1-4 అయితే నాలుగోది నిజమని తెలిస్తే చాలు. మళ్లీ ఒక్క విషయానికే ప్రశ్న అయిపోతుంది.

ప్రతి వాక్యం సరిగ్గా రెండుసార్లు వచ్చేలా 1-2, 2-3, 3-4, 1-4 అని పెట్టండి. ఇప్పుడు ఏ ఒక్క వాక్యం తేలినా రెండు ఆప్షన్లే పోతాయి, రెండు మిగులుతాయి. జాగ్రత్తగా చూస్తే ఈ అమరికలో ఇంకో గుణం ఉంది. ఏ ఆప్షన్‌లోనైనా 1, 3లలో ఒకటి, 2, 4లలో ఒకటి ఉంటుంది. అంటే 1, 3 ఎదురెదురు వాక్యాలు. 2, 4 కూడా అంతే. 1 నిజమని తెలిసినవాళ్లకు 3 తప్పని కూడా తెలిసినా కొత్తగా ఒరిగేదేమీ లేదు. 2, 4లలో ఏదో ఒకటి తెలిస్తేనే జవాబు వస్తుంది. వాక్యాలు నాలుగున్నా ఈ ప్రశ్న పరీక్షించేది రెండు విషయాలనే, అంతకు మించి ఆశించకూడదు.

ఈ గుణాన్ని మనం వాడుకోవాలి. రాజ్యసభకు 14 రోజుల గడువే ఉందని, ఆ తర్వాత బిల్లు ఆగదని తెలిసినవాళ్లకు సంయుక్త సమావేశం అవసరమే రాదని ఊహించడం కష్టం కాదు. ఇలా ఒకదాన్నుంచి ఒకటి దొరికే వాక్యాలను ఎదురెదురుగా పెట్టాలి. మన ప్రశ్నలో అవి 2, 4 కాబట్టి నష్టం లేదు. 14 రోజుల వాక్యానికి ఎదురుగా రాష్ట్రపతి వాక్యాన్ని, సంయుక్త సమావేశానికి ఎదురుగా లోక్‌సభ వాక్యాన్ని పెట్టి ఉంటే, ఒక్క 14 రోజుల జ్ఞానంతో రెండు వైపులా తేలిపోయి జవాబు చేతికొచ్చేది. అలాగని ఎదురెదురు వాక్యాలు ఒకదాన్ని ఒకటి నేరుగా కాదనేవి కాకూడదు. అప్పుడు ఏమీ తెలియకపోయినా రెండింటిలో ఒకటే నిజమని కనిపించిపోతుంది.

ఒక టెస్టులోని ప్రశ్నలన్నింటికీ ఇదే వరుస వాడితే విద్యార్థులు నాలుగో ప్రశ్నకే పట్టేస్తారు. 1-3, 1-4, 2-3, 2-4 ఒక వరుస. 1-2, 1-3, 2-4, 3-4 ఇంకొకటి. ఈ మూడింటినీ కలిపి వాడండి. రెండు ఆప్షన్లకు కుదించుకున్నవాళ్లు ఊహించడాన్ని మాత్రం మనం ఆపలేం. సివిల్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్‌లో ఒప్పుకు 2 మార్కులు వస్తాయి, తప్పుకు అందులో మూడో వంతే పోతుంది కాబట్టి అక్కడ ఊహించడమే లాభం.

ఇక వాక్యాల మాటలు. మూడో వాక్యాన్ని కొందరు "రాష్ట్రపతి ద్రవ్య బిల్లును తిరస్కరించలేరు" అని రాస్తారు. ఇది గొడవలు తెచ్చే వాక్యం. తిప్పి పంపకూడదని మాత్రమే 111వ అధికరణ చెబుతుంది; ఆమోదం నిలిపివేసే వీలు అందులో అలాగే ఉందని ఒకరు అంటారు. తన సిఫార్సుతోనే సభకు వచ్చిన బిల్లును రాష్ట్రపతి ఎలా కాదంటారని మరొకరు వాదిస్తారు. ఇద్దరూ పుస్తకాలు చూపించగలరు. జతల ప్రశ్నలో ఒక్క వాక్యం వివాదమైతే కీ మొత్తం కూలిపోతుంది. అందుకే అధికరణలో ఏ క్రియ ఉందో ఆ క్రియనే వాడండి.

గ్రూప్-1 కోసం ఇదే ప్రశ్నను రాష్ట్ర శాసనసభకు మార్చేటప్పుడు పేర్లు మార్చి ఊరుకోవద్దు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో శాసనమండలి ఉంది, 14 రోజుల నియమం 198వ అధికరణలో అలాగే ఉంది. సంయుక్త సమావేశం మాత్రం రాష్ట్రాల్లో ఏ బిల్లుకూ లేదు. నాలుగో వాక్యం అక్కడా తప్పే, అయితే కారణం వేరు. వివరణలో 108వ అధికరణ మినహాయింపు అని రాస్తే విద్యార్థికి తప్పు నేర్పినట్టే.

ఇటీవల, ముఖ్యంగా 2023 సివిల్స్ ప్రిలిమ్స్‌లో, పై వాక్యాల్లో ఎన్ని సరైనవి అని అడిగే ప్రశ్నలు బాగా కనిపించాయి. వాటిలో ఆప్షన్లు కొట్టేసుకుంటూ వెళ్లే దారి మూసుకుపోతుంది. అయితే ఒక నిజాన్ని తప్పనుకుని, ఒక తప్పును నిజమనుకున్నా లెక్క సరిపోయి మార్కులు వస్తాయి. ఎక్కడ పొరబడ్డారో జవాబు పత్రం చెప్పదు. క్లాసులో పాఠం సరిదిద్దుకోవాలంటే జతల ప్రశ్నే మేలని నా అభిప్రాయం.

అందుకు కారణం పరీక్ష అయ్యాక తెలుస్తుంది. మన ప్రశ్నకు కీ 1-2. ఎవరైనా 1-4 పెట్టారంటే లోక్‌సభ, రాష్ట్రపతి వైపు దాటి, రాజ్యసభ దగ్గర జారారు. 2-3 పెట్టినవాళ్లు దానికి వ్యతిరేకం. 3-4 పెట్టినవాళ్లకు సాధారణ బిల్లు పద్ధతే మనసులో ఉంది, వాళ్లకు రెండింటి తేడా మొదటి నుంచి చెప్పాలి. ఆప్షన్లవారీగా పేర్లు రాసుకోండి. ఒకవేళ టెస్టు మొత్తంలో మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఎక్కువగా 1-4 వైపు వెళ్లి ఉంటే, వాళ్లకు పాఠం చెప్పే ముందు రెండో వాక్యాన్ని, నాలుగో వాక్యాన్ని అధికరణ పక్కన పెట్టి మీరే మళ్లీ చదవండి.