కొత్త టోకు వర్తకుని పరీక్షించుట ఎట్లు?
మచ్చుకు, బస్తాకు గల తేడాలోనే అసలు సంగతి: ఎండుమిర్చి కొనుగోలులో ఒక లెక్క

గుంటూరు యార్డుకు జనవరి నుంచి మే వరకు కొత్త మిర్చి వస్తుంది. ఆ తర్వాత సంవత్సరమంతా కోల్డ్ స్టోరేజీలలోని సరుకే బేరానికి ఆధారం. స్వయంగా యార్డుకు వెళ్లి బస్తాలు విప్పించి చూసే తీరిక లేని చిన్న కారం మిల్లుల వారు టోకు వర్తకుని మాట మీద, అతడు పంపిన మచ్చు మీద ఆధారపడవలసి వస్తుంది. పాత వర్తకుని కంటె కిలోకు అయిదారు రూపాయలు తక్కువకు ఇస్తామని కొత్త వర్తకుడు కబురు పెట్టినపుడు ఆశ కలగడం సహజం. ఆ తగ్గింపు నిజమా కాదా అన్నది ధర చూసి తేలదు, మచ్చు చూసి కూడా తేలదు. మచ్చును, వచ్చిన బస్తాను పక్కపక్కన పెట్టి తూచినపుడే తేలుతుంది.

ముందు విచారణ

సరుకు మాట ఎత్తే ముందు మనిషిని గురించి తెలుసుకోవాలి. జీఎస్‌టీ నంబరు అడిగి తీసుకుంటే ఆ శాఖ వెబ్‌సైటులో సంస్థ పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, రిటర్నులు దాఖలు అవుతున్నదీ లేనిదీ ఎవరైనా చూడవచ్చును. డబ్బు పంపమన్న బ్యాంకు ఖాతా ఆ సంస్థ పేరునే ఉండాలి. వేరే మనిషి పేర ఖాతా ఇచ్చి అడ్వాన్సు పంపమంటే బేరం అక్కడితో ఆపడం మంచిది.

వర్తకుడు తానై ఇచ్చిన పేర్లు సహజంగా అతడిని మెచ్చుకునేవారివే. కనుక సరుకు ఎత్తే లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అడిగి, అతని వద్ద కొనేవారిని ఇద్దరు ముగ్గురినైనా స్వయంగా వెతకాలి. వారిని "మంచివాడేనా?" అని అడిగితే "మంచివాడే" అన్న జవాబే వస్తుంది. "ఎప్పుడైనా సరుకు బాగాలేక వాపసు పంపారా? అపుడు ఏమన్నాడు? తరుగు కట్టి ఇచ్చాడా? ఎన్నాళ్లకు?" అని అడగాలి. ఏళ్ల తరబడి కొంటున్నా ఒక్క పేచీ రాలేదనే వారి కంటె, పేచీ వచ్చి పరిష్కారమైన సంగతి చెప్పేవారి మాట ఎక్కువ ఉపయోగం.

మచ్చును భద్రపరచడం

మచ్చుకు డబ్బు ఇచ్చి, రెండు కిలోలకు తగ్గకుండా తెప్పించుకోవాలి. ఉచితంగా వచ్చే గుప్పెడు కాయ ఏరి పంపినదే అయి ఉంటుంది. గుడ్డ సంచిలో వచ్చిన మచ్చు దారిలోనే ఆరిపోయి పొడిగా కనిపిస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పంపమనాలి. ఏ స్టోరేజీలోని ఏ లాటు నుంచి తీసినదో చీటీ మీద వ్రాయించాలి. వచ్చిన దానిలో సగం పరీక్షకు వాడి, మిగతా సగం సీలు వేసి దాచాలి. రేపు పేచీ వస్తే సాక్ష్యం అదే.

ఆహార భద్రతా నిబంధనల ప్రకారం ఎండు మిరపకాయలో తేమ నూటికి 11 పాళ్లు మించరాదు. పండని కాయ, మచ్చపడిన కాయ కలిపి 2 పాళ్లు మించరాదు. తేమ కొలిచే యంత్రం లేనివారు చేతితో కాయను కదిపి చూస్తారు. గింజ గలగలలాడితే ఆరిన కాయ, మెత్తగా వంగితే తేమ కాయ. కాని స్టోరేజీ నుంచి అప్పుడే తీసిన కాయ చెమ్మ పట్టి మెత్తగానే ఉంటుంది. ఒక పూట నీడన పరచిన తర్వాతనే చూడాలి. పది పదిహేను కాయలు చీల్చి లోపల గింజ చుట్టూ బూజు ఉన్నదేమో కూడా పరిశీలించాలి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలోనూ బూజు ఉండవచ్చును.

చిన్న కొనుగోలు: లెక్క

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక చిన్న కారం మిల్లు ఉన్నదనుకుందాము. ధరలు లెక్క కోసమే. పాత వర్తకుడు కిలో రు. 180కి, కొత్త వర్తకుడు రు. 172కి ఇస్తున్నారు. లారీ ఖర్చు ఇద్దరిదీ సమానం. మచ్చు బాగున్నందున మిల్లు వారు మూడు బస్తాలు మాత్రమే తెప్పించారు. బిల్లులో బస్తాకు 42 కిలోలు.

బస్తా మూతి దగ్గర మంచి కాయ, నడుమ తాలు కాయ ఉండడం ఈ వ్యాపారంలో కొత్త కాదు. అందుచేత మూడింటినీ టార్పాలిన్ మీద పూర్తిగా కుమ్మరించి, కలిపి, అందులోంచి ఒక కిలో తూచి తీశారు. దానిని తూకం తగ్గడం ఆగేవరకు ఎండబెట్టగా 70 గ్రాములు తగ్గింది. ఆరిన కాయలో తాలు ఏరగా 45 గ్రాములు తేలింది. అనగా వాడుకకు మిగిలినది 885 గ్రాములు. పాత వర్తకుని సరుకును అదే విధంగా చూస్తే ఎండుదల 20, తాలు 15 పోగా 965 గ్రాములు మిగిలింది.

ఇపుడు ధర లెక్క వేయాలి. పాత సరుకు 180ని 0.965తో భాగిస్తే వాడుకకు వచ్చే కిలో రు. 186.53 పడింది. కొత్త సరుకు 172ని 0.885తో భాగిస్తే రు. 194.35 పడింది. పైగా బస్తా తూకం బిల్లు కంటె 600 గ్రాములు తక్కువ ఉన్నది. దానిని కలిపితే రు. 197 దాటుతుంది. ఎనిమిది రూపాయల తగ్గింపు అనుకున్నది పది రూపాయలకు పైగా నష్టమైంది. ఆశపడి నెలకు సరిపడే ఇరవై క్వింటాళ్లు ఒకేసారి తెప్పించి ఉంటే, మిల్లు వారికి ఆ నెలలో నష్టం రు. 18 వేలు దాటేది.

జవాబే గీటురాయి

ఇంతటితో కొత్త వర్తకుని వదలివేయనవసరం లేదు. తూకం చీటీ, ఎండుదల, తాలు లెక్కలు వ్రాసి పంపి, ఏమంటాడో చూడాలి. "మా సరుకు ఎవరూ వంక పెట్టలేదు" అని తోసిపుచ్చే వర్తకుడు ముప్ఫై బస్తాలకైనా అదే అంటాడు. ఈ ఉదాహరణలో వర్తకుడు మచ్చు ఒక లాటుదని, బస్తాలు మరొక లాటువని ఒప్పుకొని, తూకం తరుగు బిల్లులో తగ్గించి, లాటు చూసి ఎంచుకొమ్మన్నాడనుకుందాము.

రెండవ విడత మిల్లు వారు స్టోరేజీకి వెళ్లి ఎంచుకున్న అయిదు బస్తాలలో కిలోకు 950 గ్రాములు వాడుకకు వచ్చింది. తూకం సరిపోయింది. కిలో రు. 181 పడింది. మనిషి ఎదుట నిలబడినపుడు సరుకు బాగుండడం పరీక్ష కాదు. మూడవ విడత ఎవరూ వెళ్లకుండా ఫోను మీదనే అయిదు బస్తాలు చెప్పారు. 945 గ్రాములు వచ్చింది, కిలో రు. 182 పడింది. పాత సరుకు కంటె నాలుగున్నర రూపాయలు నిజమైన ఆదా అని అపుడు తేలింది.

అయినను నెల అవసరంలో నాలుగవ వంతుకు మించి కొత్త వర్తకుని వద్ద మొదట కొనరాదు. కోల్డ్ స్టోరేజీ లాటు మారినపుడల్లా సరుకు మారుతుంది గనుక లాటు మారిన ప్రతిసారీ ఒక బస్తా కుమ్మరించి చూడాలి. పాత వర్తకుని ఖాతాను ఆ సంవత్సరం పంట పూర్తయ్యేవరకు నిలుపుకొనడం క్షేమం.