ఆర్‌ఓఈ ఎక్కువుంటే మంచి కంపెనీయేనా? అప్పుతో కలిపి చదివితేనే తెలుస్తుంది

బ్యాంకుల క్రెడిట్ విభాగం, రేటింగ్ ఏజెన్సీ, ఈక్విటీ రీసెర్చ్... వీటిలో ఏ ఉద్యోగానికి వెళ్లినా ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురుకావచ్చు. ‘ఒక కంపెనీ ఆర్‌ఓఈ 12 శాతం, మరో కంపెనీది 30 శాతం. ఏది మంచిది?’ చాలామంది తడుముకోకుండా రెండోదే అంటారు. ‘రెండింటికీ అప్పు ఎంతుంది?’ అని తిరిగి అడిగే అభ్యర్థి కోసమే బోర్డు చూస్తుంది.

రిటర్న్ ఆన్ ఈక్విటీ అంటే వాటాదారుల సొమ్ము మీద కంపెనీ ఏడాదిలో సంపాదించిన నికర లాభం ఎంత శాతమో చెప్పే లెక్క. వాటాదారుల సొమ్ములో షేర్ క్యాపిటల్‌తో పాటు ఇన్నేళ్లుగా పోగైన రిజర్వులు కూడా ఉంటాయి. డెట్ టు ఈక్విటీ అంటే ఆ సొమ్ముకు అప్పు ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క. రెండింటికీ భాగహారంలో కింద ఉండేది ఈక్విటీయే. అందుకే ఒకటి కదిలితే చాలాసార్లు రెండోదీ కదులుతుంది.

ఒకే వ్యాపారం, రెండు ఫలితాలు

ఊహకు రెండు కంపెనీలను తీసుకుందాం. రెండూ 100 కోట్ల పెట్టుబడితో ఒకే వ్యాపారం చేస్తున్నాయి. వడ్డీ, పన్ను కట్టకముందు రెండింటికీ 16 కోట్ల లాభం వస్తోంది. పన్ను 25 శాతం అనుకుందాం.

మొదటి కంపెనీకి అప్పు లేదు, 100 కోట్లూ వాటాదారులవే. 16 కోట్లలో పన్ను 4 కోట్లు పోగా 12 కోట్లు మిగిలాయి. ఆర్‌ఓఈ 12 శాతం, డెట్ టు ఈక్విటీ సున్నా.

రెండో కంపెనీలో వాటాదారులు పెట్టింది 20 కోట్లే. మిగతా 80 కోట్లు 10 శాతం వడ్డీకి తెచ్చిన అప్పు. 16 కోట్లలో 8 కోట్లు వడ్డీకి, 2 కోట్లు పన్నుకు పోగా 6 కోట్లు మిగిలాయి. 20 కోట్ల మీద 6 కోట్లంటే ఆర్‌ఓఈ 30 శాతం. డెట్ టు ఈక్విటీ 4.

వ్యాపారం ఒకటే, నైపుణ్యం ఒకటే. మరి ఈ 18 శాతం తేడా ఎక్కడిది? వ్యాపారంలో పెట్టిన ప్రతి 100 రూపాయలు 16 రూపాయలు సంపాదిస్తుంటే అప్పుకు కట్టే వడ్డీ 10 రూపాయలే. అప్పు తెచ్చిన ప్రతి వంద మీదా మిగిలే 6 రూపాయలు వాటాదారులకే చేరతాయి. 80 కోట్ల మీద అది 4.8 కోట్లు, పన్ను పోగా 3.6 కోట్లు. 20 కోట్ల ఈక్విటీతో భాగిస్తే సరిగ్గా 18 శాతం. అంటే రెండో కంపెనీ ఆర్‌ఓఈలో వ్యాపారం సంపాదించింది 12 శాతమే, మిగిలింది అప్పు పుణ్యం. ఇంటర్వ్యూలో ఈ విభజన చెప్పగలిగితే సూత్రం మాత్రమే కాదు, దాని వెనకున్న కారణం కూడా మీకు తెలుసని బోర్డుకు అర్థమవుతుంది.

గిరాకీ తగ్గిన ఏడాది

ఇప్పుడు వడ్డీ, పన్నుకు ముందు లాభం సగానికి పడిపోయి 8 కోట్లయిందనుకుందాం. మొదటి కంపెనీకి పన్ను పోను 6 కోట్లు మిగులుతాయి. ఆర్‌ఓఈ 6 శాతానికి తగ్గినా కంపెనీ నిలబడే ఉంటుంది. రెండో కంపెనీకి ఆ 8 కోట్లూ వడ్డీకే సరి, ఆర్‌ఓఈ సున్నా. లాభం 6 కోట్లకు దిగితే రెండు కోట్ల నష్టం వస్తుంది. ఆ నష్టం ఈక్విటీని 18 కోట్లకు తగ్గిస్తుంది. కొత్తగా ఒక్క రూపాయి అప్పు చేయకపోయినా డెట్ టు ఈక్విటీ 4 నుంచి 4.4కు పెరుగుతుంది. బ్యాంకులు వెనకాడేదీ, కొత్త అప్పు మీద వడ్డీ పెంచేదీ ఇలాంటి సమయంలోనే.

హైదరాబాద్‌లో రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న లాంకో ఇన్‌ఫ్రాటెక్ అప్పు మీద భారీగా విస్తరించిన మౌలిక సదుపాయాల కంపెనీల్లో ఒకటి. 2017 జూన్‌లో దివాలా ప్రక్రియకు పంపాలని రిజర్వు బ్యాంకు గుర్తించిన 12 పెద్ద ఖాతాల్లో అదీ ఉంది. 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. ఇలాంటి రంగాల్లో ప్రాజెక్టు ఆలస్యమైతే ఆదాయం వాయిదా పడుతుంది గానీ వడ్డీ వాయిదా పడదు.

అప్పు లేని అధిక ఆర్‌ఓఈ

టీసీఎస్ ఆర్‌ఓఈ ఇటీవలి సంవత్సరాల్లో 50 శాతం దరిదాపుల్లో ఉంది, బ్యాంకు అప్పులు దాదాపు లేవు. కాబట్టి ఈ ఆర్‌ఓఈకి అప్పు కారణం కాదు. ఫ్యాక్టరీలు, యంత్రాల మీద పెద్దగా పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం కావడం ఒక కారణం. డివిడెండ్లు, బైబ్యాక్‌ల రూపంలో సొమ్మును వాటాదారులకు తిరిగి ఇచ్చేయడంతో ఈక్విటీ మరీ పెరగకుండా ఉండటం ఇంకో కారణం. అందువల్ల ఆర్‌ఓఈ ఒక ఏడాదిలో ఎగబాకితే లాభం పెరిగిందా, ఈక్విటీ తగ్గిందా అని విడివిడిగా చూడాలి.

ఎక్సెల్ వడపోతలో దాగే ఉచ్చు

‘ఆర్‌ఓఈ 20 శాతం పైన, డెట్ టు ఈక్విటీ 1 కంటే తక్కువ’ అని వడపోత పెట్టడం కొత్తవాళ్లకు అలవాటు. వరుస నష్టాలతో, ఈ ఏడాది 10 కోట్ల నష్టంతో కలిపి, ఈక్విటీ మైనస్ 20 కోట్లకు చేరి, 80 కోట్ల అప్పున్న కంపెనీని తీసుకోండి. మైనస్‌ను మైనస్‌తో భాగిస్తే ప్లస్ వస్తుంది కాబట్టి ఆర్‌ఓఈ 50 శాతం అని కనిపిస్తుంది. డెట్ టు ఈక్విటీ మైనస్ 4, అంటే 1 కంటే తక్కువే! మునిగిపోతున్న కంపెనీ రెండు పరీక్షలూ పాసైపోతుంది. అందుకే అన్నిటికంటే ముందు ‘ఈక్విటీ సున్నా కంటే ఎక్కువ’ అనే షరతు పెట్టండి.

అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 ప్రకారం ఆర్థిక నివేదికల నోట్స్‌లో ఈ రెండు నిష్పత్తులను ప్రకటించాలి. వేటిని వేటితో భాగించారో చెప్పాలి. గత ఏడాదితో పోలిస్తే 25 శాతానికి మించి మారితే కారణమూ రాయాలి. వార్షిక నివేదికలో ముందు ఆ పేరా చదవండి. ఒక కంపెనీ లీజు బాధ్యతలను అప్పులో కలిపితే మరొకటి కలపకపోవచ్చు. అందుకే రెండింటిని పోల్చేముందు మీరే ఒకే పద్ధతిలో లెక్కగట్టాలి.

బ్యాంకులకు డెట్ టు ఈక్విటీ కొలత పనికిరాదు. డిపాజిట్లు తీసుకుని అప్పులివ్వడమే వాటి వ్యాపారం, అక్కడ చూడాల్సింది మూలధన పర్యాప్తత. ఎన్‌బీఎఫ్‌సీలకు 4 రెట్ల అప్పు మామూలే కావచ్చు, సాఫ్ట్‌వేర్ కంపెనీకి అదే ఉంటే ఆగి ఆలోచించాలి. పోలిక ఎప్పుడూ ఒకే రంగంలోనే జరగాలి.

సాధన ఇలా

రీసెర్చ్ అనలిస్టు కావాలనుకునేవారు ఎన్‌ఐఎస్‌ఎం సిరీస్ 15 పరీక్షకు చదువుతూనే ఈ పని మొదలుపెట్టవచ్చు. ఒకే రంగంలో మూడు కంపెనీలను ఎంచుకుని, అయిదేళ్ల అంకెలను ఎక్సెల్‌లో ఎక్కించండి. నికర లాభం, ఈక్విటీ, మొత్తం అప్పు, వడ్డీ, వడ్డీకీ పన్నుకూ ముందు లాభం, ఈ అయిదు వరుసలు చాలు. ఆపైన ఒక్కో కంపెనీ గురించి రెండు వాక్యాలు రాయండి. ఆర్‌ఓఈలో వ్యాపారం వాటా ఎంత, అప్పు వాటా ఎంత అన్నది మొదటి వాక్యం. వడ్డీకి ముందు లాభం ఎంత శాతం పడితే వడ్డీ కట్టడం కష్టమవుతుందన్నది రెండోది. రెండో వాక్యాన్ని అంకెతో రాయగలిగారంటే క్రెడిట్ ఫైలులో రాయాల్సిన వ్యాఖ్యకు మీరు సిద్ధమైనట్టే.